732లో చూసీచూడనట్టు వదిలేశారు, 843లో వెతికి చంపారు: చైనాలో మానీ మతానికి ఏమైంది?

బిడారు_బాట
టాంగ్ చక్రవర్తి 732లో ఇచ్చిన ఆజ్ఞ చదివాను. పర్షియాలో మానీ అనే ఆయన స్థాపించిన ఈ మతం తప్పుడు మతమనీ, బౌద్ధం పేరు పెట్టుకుని జనాన్ని మోసం చేస్తోందనీ తిడతాడు. దాన్ని పూర్తిగా అరికట్టమంటాడు. అంతా అని చివర్లో, పడమటి నుంచి వచ్చినవాళ్లకు ఇది సొంత ఊరి ఆచారం కాబట్టి వాళ్లమటుకు వాళ్లు పాటించుకుంటే శిక్ష వద్దంటాడు. అదే రాజవంశం 843లో ఆ మత గురువులను చంపమని ఉత్తర్వు ఇచ్చింది. మతం అదే, రాజ్యం అదే. ఈ 111 ఏళ్లలో మారిందేమిటి? పర్షియా, రోము కూడా దీన్ని అణిచాయి, అక్కడి కారణమూ ఇదేనా?

గ్రూప్స్_గది
ఇందులో పెద్ద చిక్కేమీ లేదు బ్రో. మా నోట్సులో ఉన్నది ఇదే. మానీని పర్షియాలో చంపారు, శిష్యులు ప్రాణభయంతో సిల్క్ రోడ్డు పట్టుకుని తూర్పుకు పారిపోయారు. అక్కడ సమర్‌ఖండ్ ప్రాంతపు సొగ్దియన్ వర్తకులందరూ ఆ మతంలో చేరి చైనా దాకా మోసుకెళ్లారు. విదేశీ మతం కనుక చైనా నిషేధించింది. ఎనిమిది మార్కులకు ఇది చాలు.

నల్లమల
మణి అంటే మన మణేనా? ఓం మణి పద్మే హూం, మణిమేఖల, అన్నీ బౌద్ధం వాళ్లవే కదా. ఇదీ బౌద్ధంలో ఒక శాఖ అయ్యుంటుంది. మన నాగార్జునకొండ నుంచి వెళ్లిన భిక్షువుల ప్రభావం ఏమైనా ఉందా?

సార్థవాహ
నల్లమల గారూ, ఆయన పేరు దీర్ఘంతో మానీ. క్రీ.శ. 216లో బాబిలోనియాలో పుట్టాడు, మాతృభాష అరామిక్. మన మణికీ ఆ పేరుకూ చుట్టరికం లేదు. కాకపోతే మీరు పడ్డ తికమక కొత్తది కాదు. చైనా వాళ్లు సంస్కృతంలోని మణినీ, ఈ మానీనీ ఒకే అక్షరాలతో ‘మో-ని’ అని రాసేవాళ్లు. 732 ఆజ్ఞలో ‘బౌద్ధం పేరు పెట్టుకుని’ అన్న ఫిర్యాదు ఊరికే రాలేదు. మానీ ఇండియాకు వచ్చిన మాట నిజమే. 240 ప్రాంతంలో ఓడ మీద సింధు తీరానికి వచ్చాడు, అక్కడ బౌద్ధాన్ని చూశాడు. నాగార్జునకొండ దాకా వచ్చిన దాఖలా మాత్రం లేదు.

గ్రూప్స్_గది గారి జవాబు సగం నిజం. పారిపోయినవాళ్లు ఉన్నారు. కానీ తూర్పు ప్రచారం పారిపోవడంతో మొదలవలేదు. మానీ బతికుండగానే, పర్షియా రాజు షాపూర్ అండ ఉండగానే, మార్ అమ్మో అనే శిష్యుణ్ణి మధ్య ఆసియాలోని మెర్వ్ వైపు పంపాడు. పార్థియన్ భాష వచ్చినవాడని ఏరికోరి పంపాడు. అంటే పథకం వేసి చేసిన పని. మానీ చనిపోయింది ఆ తరువాత, బహ్రామ్ రాజు కాలంలో, 270లలో, గుందేషాపూర్ చెరసాలలో సంకెళ్ల బరువు మోస్తూ.

‘సొగ్దియన్లందరూ’ అన్నది కూడా నిలవదు. సమర్‌ఖండ్, పంజికెంట్ చుట్టూ తవ్వితే బయటపడేది అగ్ని పూజ, స్థానిక దేవతల బొమ్మలు, ఎముకలు దాచే మట్టి పెట్టెలు. అక్కడ మానీ మతం ఆనవాళ్లు బహు తక్కువ. సొగ్దియన్ భాషలో రాసిన మానీ గ్రంథాలు దొరికింది వాళ్ల సొంతగడ్డ మీద కాదు, ఎక్కడో తూర్పున, ఇప్పటి చైనా వాయవ్యంలోని తుర్ఫాన్‌లో. ఊళ్లో ఉన్నవాళ్లకంటే బాట మీద ఉన్నవాళ్లలోనే ఇది పాకిందన్నమాట.

కందిగింజ
ఒక అనుమానం. ఇది సన్యాసుల మతం, సృష్టే పాపమనే మతం. వర్తకుడికి ఇందులో ఏం నచ్చి ఉంటుంది? ఒంటెల మీద పట్టు వేసుకుని లాభం లెక్కపెట్టుకునేవాడు ఇందులో ఎలా ఇమిడాడు?

సార్థవాహ
ఇమిడింది మతం నిర్మాణం వల్ల. ఇందులో జనం రెండు రకాలు: ఏరినవాళ్లు, శ్రోతలు. ఏరినవాడు పెళ్లి చేసుకోకూడదు, మాంసం, కల్లు ముట్టకూడదు. అక్కడితో ఆగలేదు. పొలం దున్నకూడదు, పండు కోయకూడదు, రొట్టె కాల్చకూడదు. మొక్కలో, మట్టిలో వెలుగు రేణువులు చిక్కుకుని ఉన్నాయనీ, కోస్తే వాటికి నొప్పి అనీ వాళ్ల నమ్మకం. ఒక రోజుకు సరిపడా తిండి, ఒక ఏడాదికి సరిపడా బట్ట, ఇంతకు మించి వాళ్ల దగ్గర ఏమీ ఉండకూడదని అల్ బీరూనీ రాశాడు. రోజుకు ఒక్క పూటే భోజనం, అదీ పొద్దుగూకాక. అందులో దోసకాయలు, ఖర్బూజాలు, గోధుమ రొట్టె శ్రేష్ఠం. వాళ్ల పొట్టలో పడితేనే ఆ వెలుగు విడుదలై చంద్రుడి దాకా వెళుతుంది.

మరి కోసేదెవరు, వండేదెవరు? శ్రోతలు. శ్రోతకు పెళ్లాం పిల్లలు ఉండొచ్చు, వ్యాపారం చేయొచ్చు, డబ్బు సంపాదించొచ్చు. పంట కోసిన పాపం అంటుకుంటుంది గానీ, ఆ తిండి తెచ్చి ఏరినవాడికి పెడితే ఆ పాపం మాఫీ. మోక్షం వచ్చే జన్మలో చూసుకోవచ్చు. వర్తకుడికి ఇంతకంటే అనువైనది ఏముంటుంది? సంపాదన మానమని ఎవరూ అనరు, సంపాదనలో కొంత తెచ్చి పెట్టమంటారు.

ఇప్పుడు దీన్ని బాట మీద పెట్టి చూడండి. తన తిండి తాను వండుకోలేని, రేపటికి దాచుకోలేని మనిషి ఎడారి దాటాలంటే బిడారులో కనీసం ఒక శ్రోత ఉండాలి. దిగిన ప్రతి ఊళ్లోనూ ఇంకో శ్రోత ఇల్లు ఉండాలి. అందుకే ఈ మతం పల్లెల గుండా పరుచుకుంటూ పోలేదు. ఒక సంత నుంచి ఇంకో సంతకు గెంతింది. శ్రోతలు తరలిపోతే అక్కడ మఠం నెల రోజులు కూడా నిలవదు. బలమూ అదే, బలహీనతా అదే.

ఎర్రసిరా
సార్థవాహ గారు చెప్పినదానికి పుస్తకాల వైపు నుంచి ఒక మాట. మానీకి ముందు మతకర్తల మాటలను వాళ్లు పోయాక శిష్యులు రాసుకున్నారు. ఈయన తన పుస్తకాలు తానే రాశాడు, బొమ్మలు కూడా వేయించాడు. పోయిన చోటల్లా ఆ ఊరి భాషలోకి మార్చుకోవడమే పద్ధతి. తుర్ఫాన్ దగ్గర కోచో శిథిలాల్లో జర్మన్లు 1902 నుంచి 1914 వరకు తవ్వి తెచ్చిన ముక్కల్లో మధ్య పర్షియన్, పార్థియన్, సొగ్దియన్, ఉయ్‌ఘుర్, ఇన్ని భాషలున్నాయి.

ఒక ముక్క చేతికొస్తే మానీ మతానిదో కాదో మొదటి చూపులో చెప్పేది భాష కాదు, విరామ చిహ్నం. వాక్యం చివర నల్లసిరాతో చుక్కలు, వాటి చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంటుంది. (నా పేరు అక్కడినుంచే వచ్చింది.) అక్షరాలు అరామిక్ నుంచి వచ్చిన గుండ్రని లిపి, అది వాళ్ల మతానికే ప్రత్యేకం. కాగితం సన్నం, అంచుల్లో పూల తీగలు, కొన్నింట్లో బంగారు రేకు. చేత్తో మోసుకుపోయే సైజు. ఈజిప్టులో దొరికిన గ్రీకు ప్రతి ఒకటి ఉంది, మానీ బాల్యం గురించి. దాని పేజీ ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు, అగ్గిపెట్టెకంటే చిన్నది. అంగీ మడతలో దాచినా కనపడదు.

పాడైన తీరు కూడా చెప్పాలి. కోచోలో రైతులు పాత గోడల మట్టిని ఎరువుగా పొలాలకు తోలుకునేవాళ్లు. కాలవ నీళ్లు పారి ఒక గ్రంథాలయం మొత్తం బురదతో కలిసి ముద్ద కట్టింది. ఎవరూ తగలబెట్టకుండానే అంత పోయింది.

బిడారు_బాట
బాగుంది. కానీ నా ప్రశ్న 843 గురించి.

సార్థవాహ
వస్తున్నా. వరసగా చూస్తే కారణం దానంతటదే బయటపడుతుంది.

694లో ఒక మానీ బిషప్పు మహారాణి వూ ఆస్థానానికి వెలుగు, చీకటి అనే ‘రెండు మూలాల గ్రంథం’ తెచ్చాడు. 719లో ఆము నది ఎగువనున్న చఘానియాన్ రాజు తీష్, నక్షత్రశాస్త్రం తెలిసిన ఒక మానీ గురువును పంపి, ఏమడిగినా చెబుతాడు, ఒక దేవాలయం కట్టించండని సిఫారసు చేశాడు. మానీ సంఘంలో గురువులు 12 మంది, వాళ్ల కింద బిషప్పులు 72 మంది, పెద్దలు 360 మంది. అంటే రెండోసారి వచ్చినవాడు మొదటివాడికంటే ఒక మెట్టు పైవాడు. ఆస్థానానికి వీళ్ల మీద ఆసక్తి జ్యోతిషం వల్ల, పంచాంగం వల్ల. ఏడు రోజుల వారంలో ఆదివారానికి సొగ్దియన్ పేరు ‘మీర్’. దాన్ని ‘మి’ అని చైనా పంచాంగాల్లో గుర్తుగా వేసేవాళ్లు. ఆదివారం వాళ్ల ఉపవాస దినం.

731లో, మీ మతమేమిటో సంగ్రహంగా రాసివ్వమని రాజు అడిగాడు. రాసిచ్చారు. ఆ ప్రతి దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది, ఒక ముక్క లండన్‌లో, ఒక ముక్క పారిస్‌లో ఉన్నాయి. అందులో మానీని ‘వెలుగు బుద్ధుడు’ అన్నారు. మరుసటి ఏడే నిషేధం వచ్చింది. చదివాకే నిషేధించారన్నమాట. అయినా విదేశీయుల జోలికి పోలేదు. ఎందుకంటే ఆనాటికి వీళ్లు పిడికెడు మంది వర్తకులు, వెనక ఏ సైన్యమూ లేదు.

755లో టాంగ్ సేనాని ఆన్ లూషాన్ తిరుగుబాటు వచ్చింది. రాజధానులను తిరిగి పట్టుకోవడానికి టాంగ్ వాళ్లు ఉత్తరపు మైదానాల ఉయ్‌ఘుర్ గుర్రపు దళాలను పిలిచారు. 762లో ఉయ్‌ఘుర్ రాజు బోగు లోయాంగ్‌లో విడిది చేసినప్పుడు అక్కడి మానీ సన్యాసులు ఎదురుపడ్డారు. వెనక్కి పోతూ నలుగురిని వెంట తీసుకెళ్లాడు. తన రాజ్యానికి దాన్నే మతం చేశాడు. మంచి పనులకు ప్రోత్సహించడానికి పదిమందికి ఒకణ్ణి పెద్దగా పెట్టాడు. రక్తం వాసన కొట్టే దేశం కూరగాయలు తినే దేశమైందని ఉయ్‌ఘుర్ రాజధాని కరబల్గసూన్‌లోని శాసనంలో చెక్కించారు. గుర్రపు మాంసం, పులిసిన గుర్రపు పాలు మానిపించడం మైదానంలో ఎంతవరకు సాగిందో గానీ, శాసనం మాటలు అవి.

ఇక్కడ మలుపు. 768లో ఉయ్‌ఘుర్ల కోరిక మీద టాంగ్ రాజధాని చాంగాన్‌లో గుడి వెలిసింది. 771లో యాంగ్జీ నది ప్రాంతంలో మరో నాలుగు ఊళ్లలో, 807లో లోయాంగ్, తైయువాన్‌లలో. 732 ఆజ్ఞను ఎవరూ రద్దు చేయలేదు. ఉయ్‌ఘుర్ అడిగితే కాదనే స్థితి టాంగ్‌కు లేదు, అంతే.

పడమటి_సంత
యాంగ్జీ ఊళ్లలో ఎందుకు? ఉయ్‌ఘుర్ మైదానానికి, యాంగ్జీ వైపున్న యాంగ్‌జౌకు ఏం సంబంధం?

సార్థవాహ
పట్టు. ఉయ్‌ఘుర్లు గుర్రాలు తోలుకొచ్చి ఒక్కో గుర్రానికి 40 తానుల పట్టు పట్టుకెళ్లేవాళ్లు. బక్కచిక్కిన గుర్రాలు అంటగడుతున్నారని టాంగ్ చరిత్రకారులు మొత్తుకున్నారు. అంత పట్టు మైదానంలో ఎవరు కట్టుకుంటారు? దాన్ని పడమటికి అమ్మిపెట్టేది సొగ్దియన్లు. పట్టు దొరికే చోట మకాం, మకాం ఉన్న చోట గుడి.

779 నాటి లెక్క ఒకటుంది. చాంగాన్‌లో మామూలుగా వెయ్యిమంది ఉయ్‌ఘుర్లు ఉండేవాళ్లు, వాళ్ల వేషం వేసుకుని వాళ్లలో కలిసిపోయిన పడమటి వర్తకులు దానికి రెట్టింపు. ఉయ్‌ఘుర్ అన్న పేరుంటే నగర అధికారి చెయ్యి వేయడు. మానీ సన్యాసులు ఏటేటా చాంగాన్ పడమటి సంతకు వస్తారనీ, అక్కడి వ్యాపారులు వాళ్లతో కుమ్మక్కై అక్రమాలు చేస్తారనీ టాంగ్ చరిత్ర ఫిర్యాదు. రేపటి తిండి కూడా దాచుకోకూడని సన్యాసి పేరు మీద వర్తకుడి సరుకు దాగింది.

కందిగింజ
అంటే మీ లెక్కలో సిద్ధాంతానికి ఏ పాత్రా లేదా? నాకు అలా అనిపించదు. పెళ్లి వద్దు, పిల్లలు వద్దు, సేద్యం పాపం అంటే ఏ రాజు ఊరుకుంటాడు? పన్ను కట్టేది రైతు, సైన్యానికి కొడుకును ఇచ్చేది రైతు. పర్షియాలో కర్తీర్ అనే పూజారి తాను అణచిన మతాల జాబితా రాతి మీద చెక్కించాడు. అందులో యూదులు, బౌద్ధులు, బ్రాహ్మణులు, క్రైస్తవుల సరసన వీళ్లనూ వేశాడు. అక్కడ గుర్రాలూ లేవు, పట్టూ లేదు.

సార్థవాహ
పర్షియా విషయంలో మీరన్నదే సరి. అక్కడ పూజారి వర్గం రాజ్యంతో ముడిపడుతున్న కాలం, ఆ చోటికే మానీ పోటీ వచ్చాడు. కానీ రోము చూడండి. 302లో డయోక్లీషియన్ అలెగ్జాండ్రియా నుంచి ఆఫ్రికా పాలకుడికి పంపిన ఉత్తర్వులో మొదటి దెప్పు, ఇది మన శత్రువైన పర్షియా నుంచి పుట్టుకొచ్చిన కొత్త వింత అని. పెద్దలను గ్రంథాలతో సహా కాల్చాలి, అనుచరుల తలలు నరకాలి, పదవుల్లో ఉన్నవాళ్లను గనులకు తోలి ఆస్తి ఖజానాకు జమ చేయాలి. పెళ్లి వద్దన్న సిద్ధాంతం అందులో ముఖ్యమైన నేరం కాదు. విచిత్రమేమిటంటే అప్పటికే పర్షియాలోనూ వాళ్లను తరుముతున్నారు. శత్రువు తరిమినవాణ్ణే శత్రువు మనిషి అన్నారు.

ఎర్రసిరా
బాగ్దాద్‌ది ఇంకో రకం. ఖలీఫా అల్ మహ్దీ కాలంలో, అంటే 775–785 మధ్య, వీళ్లను పట్టుకోవడానికే ఒక అధికారిని పెట్టారు. శత్రుదేశం గొడవ అక్కడ లేదు. కొలువులో రాసుకునే గుమాస్తాలూ కవులూ లోలోపల మానీని నమ్ముతున్నారన్న అనుమానం. అందుకే పరీక్ష కావాల్సి వచ్చింది. మానీ బొమ్మ మీద ఉమ్మమనేవాళ్లు, ఒక పక్షిని కోయమనేవాళ్లు. రెండోది తెలివైన పరీక్ష. ముస్లింకు పక్షిని కోయడంలో అడ్డమేమీ లేదు, ఏరినవాడు మాత్రం ప్రాణం పోయినా కోయడు. అయితే శ్రోత కోసి బయటపడొచ్చు. కాబట్టి దొరికిపోయేది గట్టిగా నమ్మినవాడే.

గ్రూప్స్_గది
సరే, పర్షియాలో పూజారులు, రోములో శత్రుదేశం, బాగ్దాద్‌లో రహస్య భక్తులు, చైనాలో ఉయ్‌ఘుర్లు. నాలుగు పాయింట్లు. థాంక్యూ సార్.

సార్థవాహ
చైనా ఇంకా అయిపోలేదండి, ఆఖరి మూడేళ్లే అసలు సంగతి.

840లో కిర్గిజ్‌లు ఉయ్‌ఘుర్ రాజధానిని తగలబెట్టారు. మిగిలినవాళ్లు చెల్లాచెదురై చైనా సరిహద్దుకు చేరారు. అప్పుడు మంత్రి లీ దెయూ ఉయ్‌ఘుర్ రాజుకు రాసిన ఉత్తరం చూడాలి. మాటలు మెత్తన, పని గట్టిది. మీరు కోరారు గనుక ఈ మతాన్ని ఒప్పుకున్నాం. ఇప్పుడు మీరు దెబ్బతిన్నారు, దక్షిణాన సన్యాసులకు ఆసరా పోయింది, అక్కడి జనం వాళ్లను లెక్కచేయడం లేదు. కాబట్టి యాంగ్జీ వైపు గుళ్లు మూసేస్తున్నాం. రెండు రాజధానుల్లో, తైయువాన్‌లో ఉండనిస్తాం. మీ రాజ్యం కుదుటపడితే మళ్లీ చూద్దాం. అంటే ఇంకా బేరానికి చోటుంచాడు.

843 మొదట్లో టాంగ్ సేన ఆ రాజు శిబిరం మీద పడి ఓడించింది. బేరం ముగిసింది. గుళ్ల ఆస్తి జప్తు, పుస్తకాలూ బొమ్మలూ వీధిలో తగలబెట్టడం వెంటనే జరిగాయి. అప్పుడు చాంగాన్‌లో ఉన్న జపాన్ భిక్షువు ఎన్నిన్ తన దినచర్యలో నాలుగో నెల కింద రాశాడు: దేశంలోని మానీ గురువులను చంపమని ఆజ్ఞ వచ్చింది, తల గొరిగి, కాషాయం తొడిగి, బౌద్ధ భిక్షువుల్లా చేసి చంపుతున్నారు. వెంటనే ఒక ముక్క చేర్చాడు: మానీ గురువులంటే ఉయ్‌ఘుర్లకు మహా గౌరవం. బిడారు_బాట గారి ప్రశ్నకు ఆ ఒక్క వాక్యంలో జవాబుంది.

కందిగింజ
కాషాయం ఎందుకు తొడిగారు? అది ఉయ్‌ఘుర్ కథతో పొసగదు. రెండేళ్లకు, 845లో, అదే చక్రవర్తి బౌద్ధ మఠాలన్నిటినీ కూల్చాడు. అంటే విదేశీ మతాల మీద కసి ముందే ఉంది, మానీ మతం తొలి మెట్టు. గుళ్ల కంచు, భూములు ఖజానాకు కావాలి. మీ కారణం సమయాన్ని చెబుతుంది గానీ కసిని చెప్పదు.

సార్థవాహ
కాషాయం మాట మీద మీతో వాదించలేను. భిక్షువులకు బెదిరింపు అని కొందరు, వాళ్లు తెల్ల బట్టలు, పొడుగు జుట్టుతో ఉంటారు కనుక అవమానించడానికి అని కొందరు. కానీ ఒకటి గమనించండి. ఉయ్‌ఘుర్లు బలంగా ఉన్నంతకాలం ఖజానా ఎంత ఎండినా ఆ గుళ్ల మీద చెయ్యి పడలేదు.

అండ ఉంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. పదో శతాబ్దం మొదట్లో బాగ్దాద్ వైపు నుంచి పారిపోయిన సుమారు 500 మంది సమర్‌ఖండ్‌లో బయటపడ్డారు. ఖురాసాన్ పాలకుడు వాళ్లను చంపబోయాడు. ‘చైనా రాజు’ కబురు పెట్టాడు: నీ దగ్గర నా మతంవాళ్లకంటే నా దగ్గర నీ మతంవాళ్లు ఎక్కువ, ఒక్కణ్ణి చంపితే ఇక్కడ అందరినీ చంపి మసీదులు కూలుస్తాను. పాలకుడు తగ్గి, తల పన్ను వేసి వదిలేశాడు. ఇది రాసిన బాగ్దాద్ రచయిత ఇబ్న్ అల్ నదీమ్, ఆ రాజు ఉయ్‌ఘుర్ల రాజై ఉంటాడని తనే అనుమానించాడు. 840 తరువాత తుర్ఫాన్ వైపు పోయి రాజ్యం కట్టుకున్నవాళ్లే వీళ్లు.

పడమటి_సంత
నా పని వేరే. మా బడి ప్రదర్శనకు ఈ మతం వ్యాపించిన పటం గీస్తున్నాను. పర్షియా రాజధాని టెసిఫోన్ నుంచి చాంగాన్‌కు ఒక బాణం గీసి 300–843 అని వేస్తే సరిపోతుందా?

ఎర్రసిరా
ఒక్క బాణం వద్దండి, తప్పుదారి పట్టిస్తుంది. టెసిఫోన్ నుంచి మెర్వ్‌కు ఒకటి, మూడో శతాబ్దం. చఘానియాన్ నుంచి చాంగాన్‌కు ఒకటి, 719. మూడోది ఉల్టా: లోయాంగ్ నుంచి ఉత్తరంగా కరబల్గసూన్‌కు, 763. పిల్లలకు అదే వింత, పడమటి మతం చైనా నుంచి మైదానానికి పోవడం. నాలుగోది 840 తరువాత అక్కడినుంచి నైరుతికి, కోచోకు. 980ల్లో అక్కడికి వెళ్లిన చైనా సాంగ్ రాజుల దూత వాంగ్ యెన్‌దె మానీ గుడిని, పర్షియన్ సన్యాసులను చూశాడు. కాబట్టి 843 దగ్గర గీత ఆపకండి.

ఇంకొకటి, చైనా ఆగ్నేయాన ఫూజియెన్ తీరంలో జిన్‌జియాంగ్ దగ్గర చుక్క పెట్టండి. అక్కడ చావోఆన్ గుడిలో 1339లో చెక్కిన మానీ విగ్రహం ఇప్పటికీ ఉంది, వెలుగు కిరణాలతో, పొడుగు గడ్డంతో. ఊళ్లోవాళ్లు బుద్ధుడనే మొక్కుతారు.

నల్లమల
బుద్ధుడనే మొక్కుతారా! మరి నేనన్నది మరీ అంత తప్పేం కాదు.

పడమటి_సంత
తుర్ఫాన్ నుంచి ఫూజియెన్‌కు బాణం గీయాలా, చాంగాన్ నుంచా?

ఎర్రసిరా
గీయకండి, చుక్క చాలు. 843లో తప్పించుకున్న ఒక గురువు అక్కడికి చేరాడని ఫూజియెన్ స్థానిక చరిత్ర చెబుతుంది. సముద్రం మీద వచ్చిందనే వాదన కూడా ఉంది. సార్థవాహ గారు బిడారు పక్షం, నేను ఓడ పక్షం. దానికి వేరే చర్చ తెరుద్దాం.